పొదుపు ఖాతాలో పడిన వడ్డీ సరిపోయిందా?

పొదుపు ఖాతాకు బ్యాంకు చెప్పే వడ్డీ రేటు ఏడాదికి. ఊళ్ళో అప్పు మాట్లాడుకునేటప్పుడు ‘నూటికి మూడు’ అంటే నెలకు మూడు రూపాయలు, అంటే ఏడాదికి ముప్పై ఆరు. బ్యాంకు చెప్పే మూడు శాతంలో నూటికి మూడు రూపాయలు రావడానికి ఏడాది పడుతుంది. అందుకే మూడు నెలలకోసారి పడే వడ్డీ చూడగానే చాలా తక్కువ అనిపిస్తుంది. అది నిజంగా తక్కువో కాదో స్టేట్‌మెంట్ స్క్రీన్‌షాట్లు, ఫోన్‌లో ఉండే క్యాలిక్యులేటర్ ఉంటే తేల్చవచ్చు.

బ్యాంకుల్లో ఈ లెక్క 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద జరుగుతోంది. ప్రతి రోజు ముగిసేసరికి ఖాతాలో ఎంత ఉందో ఆ మొత్తానికి ఒక రోజు వడ్డీ కడతారు. అంతకు ముందు పద్ధతి వేరు. నెలలో 10వ తేదీ నుంచి చివరి రోజు వరకు ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వనే ఆ నెలకు లెక్కలోకి తీసుకునేవారు. రేటు మాత్రం 2011 అక్టోబర్ నుంచి ఏ బ్యాంకుకు ఆ బ్యాంకే నిర్ణయించుకుంటోంది. కాబట్టి పక్కింటివారి బ్యాంకు రేటుతో సరిచూస్తే పొరపాటు పడ్డట్టే.

లెక్క మొదలుపెట్టే ముందు స్క్రీన్‌షాట్లు పూర్తిగా ఉన్నాయో లేదో చూడాలి. ఫోన్ తెర మీద జరుపుతూ తీసిన బొమ్మల్లో ఒకటి రెండు వరుసలు జారిపోవడం మామూలే. దాన్ని పట్టుకోవడం తేలిక. పాత నిల్వకు జమ కలిపి, ఖర్చు తీసేస్తే తరువాతి వరుసలో ఉన్న నిల్వ రావాలి. ఎక్కడ రాలేదో అక్కడ ఒక వరుస పోయింది. కొన్ని యాప్‌లు కొత్త లావాదేవీని పైన చూపిస్తాయి, వాటిని కింది నుంచి పైకి చదవాలి. ఒకే రోజు నాలుగు లావాదేవీలు జరిగితే చివరి నిల్వ ఒక్కటే లెక్క. పొద్దున్న లక్ష వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతే దానికి వడ్డీ లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. రేటు 3 శాతం, వడ్డీ మూడు నెలలకోసారి. జూలై 1న ఖాతాలో 42,000 రూపాయలు ఉన్నాయి. జూలై 5న 30,000 జమ అయ్యాయి, 20న 15,000 తీశారు. ఆగస్టు 28న 25,000 పడ్డాయి. సెప్టెంబర్ 10న 50,000 ఫీజుకు వెళ్ళాయి. సెప్టెంబర్ 30 వరకు 32,000 మిగిలాయి. స్క్రీన్‌షాట్‌లో చివర `Int.Pd:01-07 to 30-09` అన్న వరుసలో 428 రూపాయలు కనిపిస్తున్నాయి.

ఏ నిల్వ ఎన్ని రోజులు ఉందో చూసి, నిల్వను రోజులతో గుణించాలి.

```
42,000 ×  4 =  1,68,000
72,000 × 15 = 10,80,000
57,000 × 39 = 22,23,000
82,000 × 13 = 10,66,000
32,000 × 21 =  6,72,000
        92    52,09,000

52,09,000 × 3 ÷ 36500 = 428.14
```

జూలై 5న పడిన డబ్బు ఆ రోజు నుంచే లెక్కలోకి వస్తుంది, అందుకే 42,000 నాలుగు రోజులే ఉన్నట్టు. రోజులన్నీ కలిపితే 92 రావాలి, రాకపోతే తప్పు మన లెక్కలోనే ఉంది. 36500 అన్నది ఏడాది రోజులైన 365ను శాతం కోసం వందతో గుణిస్తే వచ్చిన సంఖ్య. పైసలు వదిలేసి దగ్గరి రూపాయికి సరిచేస్తే 428. వడ్డీ సరిపోయింది.

ఇదే ఖాతాను చాలామంది చూసే పద్ధతిలో చూస్తే ఇలా కుదరదు. చివరి నిల్వ 32,000 మీద మూడు నెలలకు లెక్కిస్తే 240 రూపాయలే వస్తాయి. బ్యాంకు పొరపాటున ఎక్కువ వేసిందని అనిపిస్తుంది. సెప్టెంబర్‌లో ఫీజు కట్టకముందు ఆ డబ్బు ఖాతాలో ఉన్న రోజుల్ని ఈ లెక్క మరిచిపోయింది.

మొత్తం కలవనప్పుడు లెక్కను తిరగేసి చూడటం మంచి ఉపాయం. పడిన వడ్డీని 36500తో గుణించి 52,09,000తో భాగిస్తే బ్యాంకు వాస్తవంగా ఇచ్చిన రేటు వస్తుంది. పడింది 392 రూపాయలైతే రేటు 2.75 దగ్గర తేలుతుంది. అంటే బ్యాంకు రేటు తగ్గించింది, ఖాతాదారు పాత రేటే ఉందనుకున్నాడు. పడింది 416 అయితే 2.91 అని వస్తుంది. అలాంటి రేటు ఏ బ్యాంకు బోర్డు మీదా కనిపించదు. అలా బేసిగా వస్తే రేటు మధ్యలో మారిందేమో చూడాలి. పై ఖాతాలో ఆగస్టు 28 నుంచి 2.75 శాతం అమలైతే సరిగ్గా 416 రూపాయలే పడతాయి.

రేటు సరిగానే ఉన్నా కాలం తప్పు పట్టుకోవడం మరో చిక్కు. అన్ని బ్యాంకులూ నెలాఖరున వడ్డీ వేయవు. 25వ తేదీన వేసేవి ఉన్నాయి. అప్పుడు లెక్క జూన్ 25 నుంచి సెప్టెంబర్ 24 వరకు ఉండవచ్చు. పై ఉదాహరణలో సెప్టెంబర్ చివరి ఆరు రోజులు పోతే దాదాపు 16 రూపాయలు తగ్గుతాయి, జూన్ చివరి ఆరు రోజుల వడ్డీ కొత్తగా చేరుతుంది. చెక్కు వేసినప్పుడు రెండు తేదీలు కనిపిస్తే `Value Date` అన్నదే లెక్కించాలి. చెక్కు డబ్బు నిజంగా చేరింది ఆ రోజే.

ఇక చక్రవడ్డీ. రోజువారీ నిల్వ మీద లెక్క అంటే రోజూ చక్రవడ్డీ అని చాలామంది అనుకుంటారు. కాదు. మూడు నెలల పాటు వడ్డీ పక్కన పోగవుతుంది, ఖాతాలో పడిన రోజున అసలులో కలుస్తుంది. ఆ 428 రూపాయల మీద వడ్డీ అక్టోబర్ 1 నుంచి మొదలవుతుంది. లక్ష రూపాయలు ఏడాదంతా కదలకుండా ఉంటే 3 శాతం మీద మూడు నెలల చక్రవడ్డీతో 3,034 రూపాయలు వస్తాయి, ఏడాదికోసారి వేస్తే 3,000. మన ఖాతాలో ఆ 428 తరువాతి మూడు నెలల్లో తెచ్చేది మూడు రూపాయల పైచిలుకు. కనుక ఒక్క స్క్రీన్‌షాట్ చూసి చక్రవడ్డీ కట్టారో లేదో చెప్పడం కష్టం. రెండు వరుస వడ్డీ జమలు ఉండాలి. మొదటి జమ నిల్వలో కలిసిందో లేదో చూసి, రెండోదాన్ని ఆ నిల్వతో లెక్కించాలి. తేడా రూపాయిలోపు ఉంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు, అది పైసలు సరిచేయడం వల్ల వచ్చింది.

పోస్టాఫీసు పొదుపు ఖాతాకు ఈ లెక్క పెడితే ఎప్పటికీ కలవదు. అక్కడ 10వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ పద్ధతే ఇంకా ఉంది. రేటు 4 శాతం, జమ ఆర్థిక సంవత్సరం చివర ఒక్కసారే. పై లావాదేవీలే అక్కడ జరిగితే జూలై, ఆగస్టులకు 57,000 చొప్పున, సెప్టెంబర్‌కు 32,000 లెక్కలోకి వస్తాయి. ఆగస్టు 28న పడిన 25,000 సెప్టెంబర్ 9 వరకు కదలకుండా ఉన్నా, ఆ పదమూడు రోజులకు పైసా రాదు.