లెక్కల్లో లాభం, చేతిలో నష్టం

ఒక చిన్న కంపెనీ 2022 జనవరిలో 46,000 డాలర్లు పెట్టి ఒక బిట్‌కాయిన్ కొంది. 2023 డిసెంబరులో దాన్ని 42,000 డాలర్లకు అమ్మేసింది. 4,000 డాలర్లు పోయాయని ఎవరైనా చెబుతారు. కానీ 2023 లాభనష్టాల ఖాతా తెరిస్తే, ఆ అమ్మకం మీద 26,500 డాలర్ల లాభం వచ్చినట్టు కనిపిస్తుంది. అకౌంటెంట్ పొరపాటు పడలేదు, ఎవరినీ మోసం చేయలేదు. అమెరికాలో అప్పుడున్న నియమం ప్రకారం అలా రాయడమే సరైనది.

కంపెనీ మనం ఊహించుకున్నదే. ధరలు మాత్రం ఆ రోజుల్లో మార్కెట్లో నిజంగా నడిచినవాటికి దగ్గరివి. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో పదిమంది ఉద్యోగులతో మన తెలుగువాళ్లు నడుపుకునే ఐటీ కన్సల్టింగ్ సంస్థ అనుకోండి. బ్యాంకులో ఊరికే ఉన్న డబ్బులో కొంత బిట్‌కాయిన్‌లో పెట్టారు.

కొన్న రోజు ఎంట్రీ సులువు. ఎక్స్ఛేంజీ తీసుకున్న ఫీజుతో కలిపి 46,000 డాలర్లు డిజిటల్ ఆస్తుల ఖాతాకు డెబిట్, నగదుకు క్రెడిట్. అయితే ఆ ఆస్తి ఏ కోవలోకి వస్తుందన్న ప్రశ్న ఉంది. వెనక ఏ ప్రభుత్వమూ లేదు కాబట్టి అది నగదు కాదు. ఏ కంపెనీలోనూ వాటా ఇవ్వదు కాబట్టి షేరూ కాదు. చివరికి దాన్ని పేటెంట్, ట్రేడ్‌మార్క్‌ల సరసన, భౌతిక రూపం లేని ఆస్తిగా చేర్చారు. ఎన్నాళ్లు పనికొస్తుందో గడువు చెప్పలేం కాబట్టి ఏటా తరుగుదల రాయక్కర్లేదు. కానీ విలువ పడిపోతే మాత్రం ఆ మేరకు తగ్గించి రాయాలి. దాన్నే ఇంపెయిర్మెంట్ అంటారు.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. ఏటా బజారులో అమ్ముడుపోని ట్రేడ్‌మార్క్‌కు ఈ పద్ధతి బాగానే సరిపోతుంది. బిట్‌కాయిన్ ధర నిమిషనిమిషానికీ తెరమీద కనిపిస్తూ ఉంటుంది. అందువల్ల ఏడాది చివరి ధర ఒక్కటి చూసుకుంటే చాలదు. ఏడాది మధ్యలో ఏ రోజు ధర పుస్తక విలువ కన్నా కిందికి దిగినా విలువ తగ్గినట్టే లెక్క. 2022 నవంబరులో బిట్‌కాయిన్ దాదాపు 15,500 డాలర్లకు జారింది. డిసెంబరు 31 నాటికి కాస్త కోలుకుని 16,500 దగ్గర నిలిచింది. అయినా మన కంపెనీ పుస్తకంలో ఉండాల్సింది 15,500 మాత్రమే. మిగతా 30,500 డాలర్లు ఇంపెయిర్మెంట్ నష్టానికి డెబిట్, డిజిటల్ ఆస్తులకు క్రెడిట్. కన్సల్టింగ్ మీద ఆ ఏడు సంపాదించిన లాభాన్ని ఈ ఒక్క ఎంట్రీ చాలావరకు తినేయగలదు.

దిగిన విలువ మళ్లీ ఎక్కదు. 2023లో ధర 20,000 దాటింది, 30,000 దాటింది, ఏడాది ముగిసేసరికి 42,000 చేరింది. పుస్తకంలో మాత్రం 15,500 అంగుళం కదల్లేదు. అమ్మిన రోజున నగదుకు 42,000 డెబిట్, డిజిటల్ ఆస్తులకు 15,500 క్రెడిట్, తేడా 26,500 అమ్మకం లాభానికి క్రెడిట్. ముందే ఒప్పుకున్న నష్టంలో చాలా భాగం ఇలా లాభం వేషంలో తిరిగొచ్చింది. రెండేళ్లూ కలిపి చూడండి: 30,500 నష్టం, 26,500 లాభం, నికరంగా 4,000 నష్టం. చేతి నుంచి పోయిందీ అంతే. ఎంట్రీలు సరిగ్గా పడ్డాయో లేదో తేల్చుకోడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. అన్నేళ్ల లాభనష్టాలూ కూడితే అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేసిన మొత్తమే రావాలి. రాలేదంటే ఎక్కడో ఒక ఎంట్రీ తప్పిపోయినట్టే.

పన్నుశాఖ లెక్క మాత్రం వేరు. దానికి ఇంపెయిర్మెంట్‌తో పని లేదు. క్రిప్టోను అది ఆస్తిగానే చూస్తుంది, అమ్మేదాకా లాభమూ గుర్తించదు, నష్టమూ గుర్తించదు. కాబట్టి 2022లో రాసిన 30,500 నష్టాన్ని రిటర్నులో తిరిగి కలపాలి. 2023లో రాసిన 26,500 లాభాన్ని తీసేసి, దాని బదులు 4,000 మూలధన నష్టం చూపాలి. పన్ను విడిగా కట్టే కార్పొరేషన్ అయితే ఈ నష్టాన్ని కన్సల్టింగ్ ఆదాయంలోంచి తగ్గించుకోడానికి వీల్లేదు. వేరే మూలధన లాభాలకే సర్దుకోవాలి. ఆ లాభాలు మూడేళ్లు వెనకవైనా కావచ్చు, ముందు వచ్చే ఐదేళ్లవైనా కావచ్చు. పుస్తకంలో కనిపించిన 26,500నే చూసి పన్ను కట్టేస్తే, రాని లాభానికి కట్టినట్టవుతుంది.

ఈ గందరగోళానికి అసలు మూలం ఎక్కువగా లెడ్జర్‌లో ఒకే ఒక్క అంకె ఉంచుకోవడం. ఇంపెయిర్మెంట్ రాసేటప్పుడు 46,000 కొట్టేసి 15,500 రాస్తే, రెండేళ్ల తర్వాత కొన్న ధర ఎంతో చెప్పేవాళ్లు ఉండరు. విడతలుగా కొన్నప్పుడు ఇది మరీ ముదురుతుంది. ఉదాహరణకు 2023 మార్చిలో 25,000కు ఇంకో బిట్‌కాయిన్ కొన్నారనుకుందాం. ఆ తర్వాత ధర అంతకన్నా దిగకపోతే రెండో విడత 25,000 దగ్గరే ఉండాలి, మొదటిది 15,500 దగ్గరే ఉండాలి. రెండూ కలిపి సగటు తీస్తే అమ్మిన నాటి లాభం తప్పుతుంది. ప్రతి విడతకూ కొన్న తేదీ, కొన్న ధర, ప్రస్తుత పుస్తక విలువ, ఏ వాలెట్‌లో ఉంది అన్న నాలుగు గళ్లు ఉంటే ఈ బాధ ఉండదు.

పడినప్పుడు చూసి, లేచినప్పుడు చూడని ఈ పద్ధతి మీద కంపెనీలు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నాయి. చివరికి అమెరికా అకౌంటింగ్ ప్రమాణాల బోర్డు 2023 డిసెంబరులో నియమం మార్చింది. 2024 డిసెంబరు 15 తర్వాత మొదలయ్యే ఆర్థిక సంవత్సరాల నుంచి బిట్‌కాయిన్ వంటివాటిని ప్రతి లెక్కల గడువు చివరా మార్కెట్ ధరకే చూపాలి. ఎక్కినా దిగినా ఆ తేడా లాభనష్టాల ఖాతాకే వెళుతుంది. మన ఉదాహరణకు ఈ నియమమే ఉండి ఉంటే 2022లో 29,500 నష్టం, 2023లో 25,500 లాభం పడేవి. మొత్తం మళ్లీ ఆ 4,000 నష్టమే. ఎన్‌ఎఫ్‌టీలకూ, కంపెనీ తానే జారీ చేసుకున్న టోకెన్లకూ ఈ మార్పు వర్తించదు.

అమ్మకుండా అట్టిపెట్టుకున్నవాళ్లకు ఇందులో ఒక మెలిక ఉంది. 2024 చివర్లో బిట్‌కాయిన్ 93,000 డాలర్ల దగ్గర ఉంది. కొత్త నియమానికి 2025 జనవరి 1న మారిన కంపెనీ, 15,500కూ 93,000కూ మధ్య తేడాను లాభంగా రాయదు. 77,500 డాలర్లు నేరుగా పోగుపడిన లాభాల ఖాతాలో కలుస్తాయి. అంటే ఒకప్పుడు లాభనష్టాల ఖాతాలో నష్టంగా కనిపించిన మొత్తం, తిరిగొచ్చినప్పుడు ఆ ఖాతాలో ఎన్నడూ కనిపించదు. పన్నుకు మాత్రం కొన్న ధర ఇంకా 46,000 డాలర్లే.

ఇండియాలో ఇలాంటి కంపెనీ ఉంటే, పుస్తకాల కన్నా ముందు పన్ను సంగతి చూసుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలు తమ దగ్గరున్న క్రిప్టో ఎంతో, దాని మీద లాభమో నష్టమో ఎంతో ఆర్థిక నివేదికలో వెల్లడించాలి. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, దానిపై సెస్ ఉన్నాయి. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తగ్గించుకోనివ్వరు. 2022 జులై నుంచి అమ్మకం సొమ్ములో 1 శాతం టీడీఎస్ కూడా పట్టుకుంటున్నారు. మన ఉదాహరణలోని 4,000 డాలర్ల వంటి నష్టం వస్తే, దాన్ని మరో క్రిప్టో లాభానికి కూడా సర్దుకోడానికి లేదు, మరుసటి ఏడాదికి మోసుకెళ్లడానికీ లేదు. అందుకే ఇక్కడి అకౌంటెంట్ ప్రతి విడత లాభాన్నీ నష్టాన్నీ కలపకుండా విడివిడిగా తేల్చుకోవాలి. ఒక విడతలో 4,000 పోయి మరో విడతలో 4,000 వస్తే, చేతికి మిగిలింది సున్నా అయినా 4,000 లాభం మీద పన్ను పడుతుంది.