నెల కిస్తీ ఎంత? వడ్డీ రేట్లు, గడువులు అన్నీ ఎక్సెల్‌లో ఒకే టేబుల్‌లో చూసుకోండి

నిజామాబాద్‌లో ఒక కుటుంబం గూడ్స్ ఆటో కొనాలనుకుంటోంది అనుకుందాం. 5 లక్షల అప్పు కావాలి. బ్యాంకువాళ్లు 9 శాతానికి 84 నెలలు ఇస్తామన్నారు. ఫైనాన్స్ కంపెనీ 12 శాతానికి 60 నెలలు అంది. షోరూమ్‌లో కూర్చున్న ఏజెంటు మాత్రం "మా దగ్గర 7 శాతమే, ఫ్లాట్" అంటున్నాడు. ఇంట్లో అమ్మీ అడిగేది ఒకటే: నెలకు ఎంత కట్టాలి, చివరికి మొత్తం ఎంత పోతుంది?

ఒక్కో రేటు, ఒక్కో గడువు మార్చి మార్చి కాలిక్యులేటర్‌లో కొట్టి కాగితం మీద రాసుకుంటే ఎక్కడో ఒక అంకె తారుమారవుతుంది. ఎక్సెల్‌లో డేటా టేబుల్ అనే సదుపాయం ఈ లెక్కలన్నీ ఒకేసారి వేసి చూపిస్తుంది.

ముందు B1 గడిలో 500000, B2లో 9%, B3లో నెలల సంఖ్య 60 టైప్ చేయాలి. B4లో కిస్తీ ఫార్ములా రాయాలి:

```
=PMT(B2/12,B3,-B1)
```

రేటు ఏడాదిది, కిస్తీ నెలది కాబట్టి 12తో భాగించడం తప్పనిసరి. అది మరిస్తే కిస్తీ 45 వేలు దాటి కనిపిస్తుంది. B1 ముందు మైనస్ పెట్టేది జవాబు ప్లస్‌లో రావడానికే. అన్నీ సరిగ్గా ఉంటే B4లో 10,379 వస్తుంది.

ఇప్పుడు టేబుల్. A7 గడిలో `=B4` అని రాయాలి. దాని కింద A8 నుంచి A11 దాకా 9%, 10%, 11%, 12%. దాని పక్కన B7 నుంచి E7 దాకా 36, 48, 60, 84. A7 నుంచి E11 దాకా మొత్తం సెలెక్ట్ చేసి, Data ట్యాబ్‌లో What-If Analysis, అందులో Data Table నొక్కాలి. చిన్న పెట్టె తెరుచుకుని రెండు గడులు అడుగుతుంది. నెలలు పై వరుసలో అడ్డంగా ఉన్నాయి కాబట్టి Row input cell దగ్గర B3, రేట్లు నిలువుగా ఉన్నాయి కాబట్టి Column input cell దగ్గర B2 ఇచ్చి OK నొక్కితే పదహారు కిస్తీలు ఒక్కసారిగా నిండిపోతాయి.

చాలామంది తడబడేది ఈ చిన్న పెట్టె దగ్గరే. B2, B3 అటూఇటూ అయితే ఎక్సెల్ తప్పు అని చెప్పదు, లక్షల్లో, కోట్లలో కిస్తీలు చూపిస్తుంది! పదహారు గడుల్లోనూ ఒకే అంకె కనిపిస్తే Formulas ట్యాబ్‌లోని Calculation Options చూడాలి. అక్కడ డేటా టేబుల్స్ తప్ప మిగతావే లెక్కించమని పెట్టి ఉంటుంది. F9 నొక్కితే సరిపోతుంది. టేబుల్ లోపల ఒక్క గడిని విడిగా చెరపాలంటే కుదరదు, లోపలి అంకెలన్నీ కలిపి తీసేయాల్సిందే. B1, B2, B3 కూడా టేబుల్ ఉన్న షీట్‌లోనే ఉండాలి. గూగుల్ షీట్స్‌లో ఈ డేటా టేబుల్ లేదు. అక్కడైతే B8లో ఇది రాసి పక్కకీ కిందకీ లాగితే అదే ఫలితం వస్తుంది:

```
=PMT($A8/12,B$7,-$B$1)
```

ఇక అంకెల సంగతి. బ్యాంకు చెప్పిన 9 శాతం, 84 నెలలకు కిస్తీ 8,045. ఫైనాన్స్ కంపెనీ 12 శాతం, 60 నెలలకు 11,122. మొదటిదే చవక అనిపిస్తుంది. కానీ A7లో `=B4` తీసేసి ఇది రాస్తే టేబుల్ మొత్తం వడ్డీ లెక్కలోకి మారిపోతుంది:

```
=B4*B3-B1
```

అప్పుడు బ్యాంకు వడ్డీ సుమారు 1,75,700, కంపెనీ వడ్డీ సుమారు 1,67,300 అని తేలుతుంది. రేటు తక్కువైనా రెండేళ్లు ఎక్కువ లాగడం వల్ల వడ్డీ పెరిగింది. అదే బ్యాంకును 60 నెలలకు అడిగితే కిస్తీ 10,379, వడ్డీ సుమారు 1,22,800. నెలకు 2,300 పైచిలుకు ఎక్కువ కట్టగలిగితే దాదాపు 53 వేలు మిగులుతాయన్నమాట. ఆటో సంపాదనలోంచి ఆ 2,300 ప్రతి నెలా తీయగలరా లేదా అన్నది ఆ ఇంటివాళ్లే చెప్పాలి.

షోరూమ్ వాళ్ల 7 శాతాన్ని మాత్రం ఈ టేబుల్‌లో పెట్టకూడదు. PMT లెక్క తగ్గుతున్న బాకీ మీద వేసే వడ్డీకి. ఫ్లాట్‌లో ఎంత తీర్చినా మొదటి 5 లక్షల మీదే వడ్డీ పడుతూ ఉంటుంది. ఏడాదికి 35,000 చొప్పున అయిదేళ్లకు 1,75,000. అసలుతో కలిపి 60తో భాగిస్తే కిస్తీ 11,250. అంటే 12 శాతం వరుసలోని కిస్తీ కంటే కూడా ఎక్కువ! అసలు రేటు ఎంతో చూడాలంటే ఏదైనా ఖాళీ గడిలో ఇలా రాయాలి:

```
=RATE(60,-11250,500000)*12
```

జవాబు సుమారు 12.5 శాతం. ఏజెంటు నోటి వెంట వచ్చిన 7కి, ఇంట్లోవాళ్లు కట్టే 12.5కి అంత తేడా. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ పేరుతో ముందే కోసుకునే డబ్బు ఈ టేబుల్‌లో ఎక్కడా కనిపించదు కాబట్టి, ముగ్గురి దగ్గరా అది ఎంతో విడిగా అడిగి రాయించుకోవాలి.