ఫోన్ మోగుతోంది, వాట్సాప్ మాత్రం తెరుచుకోదు

డాలస్ నుంచి మనవడు పంపిన ఫోటో ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతుంది. నెల్లూరులో నాయనమ్మ ఫోన్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. కాల్ చేస్తే ఎత్తుతుంది, బ్యాంకు మెసేజీలు వస్తాయి, టార్చి వెలుగుతుంది. వాట్సాప్ నొక్కితేనే, ఈ ఫోన్‌లో ఇక నడవదన్న మాట తెర మీద కనబడుతుంది. పాత ఫోన్లున్న ఇళ్లలో ఇది తరచూ ఎదురయ్యే ఇబ్బందే.

2025 మే 5న ఐఫోన్ 6 వాడేవాళ్లకు సరిగ్గా ఇదే జరిగింది. ఆ రోజు నుంచి వాట్సాప్‌కు ఐఓఎస్ 15.1 గానీ, ఆపై వెర్షన్ గానీ ఉండాలి. 2014లో వచ్చిన ఐఫోన్ 6కు ఆపిల్ ఐఓఎస్ 12తోనే కొత్త వెర్షన్లు ఆపేసింది. ఏడాది తర్వాత వచ్చిన 6ఎస్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. కానీ ర్యామ్ రెట్టింపు, ఐఓఎస్ 15 దాకా అందింది, అందుకే గండం గట్టెక్కింది. ఫోన్ పాతదా కొత్తదా అన్నది కాదు, లోపలి సాఫ్ట్‌వేర్ ఎక్కడిదాకా వచ్చిందన్నదే లెక్క.

యాప్ తయారు చేసేవాళ్లు ప్రతి వెర్షన్‌కూ ఒక కనీస హద్దు పెడతారు. పాత ఆండ్రాయిడ్‌లో కొత్త సదుపాయాలకు కావాల్సిన భాగాలు ఉండవు, భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లూ రావు. హద్దుకు దిగువనున్న ఫోన్‌కు ప్లేస్టోర్ కొత్త వెర్షన్‌ను ఇవ్వదు. ఫోన్‌లో ఉన్న పాత వెర్షన్‌తోనే నెట్టుకొద్దామంటే, వాట్సాప్ వెర్షన్లకు గడువు ఉంటుంది. అది దాటాక ఆ వెర్షన్ పనిచేయదు. అందుకే పాత ఏపీకే ఫైలు ఎక్కించడం వృథా. జీబీ వాట్సాప్ లాంటి నకిలీలు ఎక్కిస్తే అకౌంటే నిలిచిపోవచ్చు.

కొత్త ఫోన్ కొనే ముందు చూడాల్సింది సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’. అక్కడ ఆండ్రాయిడ్ వెర్షన్ ఉంటుంది. పనిచేయని ఫోన్ల జాబితాలంటూ వచ్చేవాటిని చూసి కంగారుపడనక్కర్లేదు. మొదటి తరం మోటో జీ తరచూ వాటిలో కనిపిస్తుంది. కానీ దానికి కంపెనీయే ఆండ్రాయిడ్ 5 అప్‌డేట్ ఇచ్చింది. అది వేసుకోనివాళ్లే 4.4 దగ్గర ఉండిపోయారు. ‘సిస్టమ్ అప్‌డేట్’ ఒకసారి నొక్కి చూస్తే ఖర్చు లేకుండా మరికొంత కాలం గడవవచ్చు.

అప్‌డేట్ లేకపోతే తొందరపడాల్సింది చాట్ల కోసం. వాట్సాప్ ఇంకా తెరుచుకుంటుంటే గూగుల్ డ్రైవ్‌కు బ్యాకప్ తీసుకోవాలి. తెరుచుకోకపోయినా అంతా పోయినట్టు కాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి WhatsApp అనే ఫోల్డర్‌ను పూర్తిగా కాపీ చేసుకోవాలి. దాని లోపల Media లో ఫోటోలు, వాయిస్ మెసేజీలు ఉంటాయి. Databases లో msgstore తో మొదలయ్యే ఫైళ్లే చాట్లు. కొత్త ఆండ్రాయిడ్‌లో Android/media/com.whatsapp కింద ఆ ఫోల్డర్ పెట్టి, అదే నంబరుతో వాట్సాప్ మొదలుపెడితే పాత చాట్లు తెచ్చుకోమంటారా అని అడుగుతుంది. ఫోన్ నుంచి చేసే ఆ బ్యాకప్ రోజూ దానంతటదే జరుగుతుంది కాబట్టి, చివరి ఒకటి రెండు రోజుల మాటలే పోవచ్చు. ఐఫోన్ 6 వాళ్లకు ఈ దారి లేదు: ఐక్లౌడ్ బ్యాకప్ ఆండ్రాయిడ్‌లో తెరుచుకోదు.

ఆలస్యం చేయకూడదనడానికి ఇంకో కారణముంది. చేరని మెసేజీలను వాట్సాప్ 30 రోజులే దాచి, ఆ తర్వాత తీసేస్తుంది. మనవడి ఫోటో ఒక్క టిక్కుతో అన్ని రోజులు ఉంటే, మళ్లీ పంపాల్సిందే.

సిమ్ దగ్గర చిన్న చిక్కు ఉంది. పాత ఫోన్ల సిమ్ పెద్దది, ఇప్పటి ఫోన్లకు నానో సిమ్ కావాలి. దుకాణంలో సిమ్ మార్పించుకుంటే ఆ తర్వాత 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. అది మోసాలను అడ్డుకోవడానికి పెట్టిన నిబంధన. ఓటీపీ రాలేదని కంగారుపడి పదేపదే నొక్కకుండా, మర్నాడు ప్రయత్నించాలి. సిమ్ పాత ఫోన్‌లోనే ఉంచి వాట్సాప్ మరో ఫోన్‌లో నడిపే అలవాటు చాలామందికి ఉంది. వాట్సాప్ వాడే ఫోన్‌లోనే ఆ సిమ్ ఉండాలని టెలికాం శాఖ 2025 నవంబరులో ఆదేశాలిచ్చింది కాబట్టి ఆ ఏర్పాటును నమ్ముకోవద్దు.

ఇక కొత్తది కొనే స్తోమత లేనివారికి పాత ఫోన్‌తోనే డబ్బు పంపే దారి మిగిలే ఉంది. యూపీఐ యాప్ ఆగిపోయినా, బ్యాంకుకు ఇచ్చిన నంబరు నుంచి *99# డయల్ చేస్తే ఇంటర్నెట్ లేకుండానే బ్యాలెన్స్ చూసుకోవచ్చు, డబ్బు పంపవచ్చు. ఒకసారికి 5,000 రూపాయల వరకే. యూపీఐ పిన్ ముందే లేకపోతే, డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు నెల దగ్గర పెట్టుకుని అక్కడే పెట్టుకోవచ్చు.