తెల్లవారి తలుపు చప్పుడు

డిచ్‌పల్లిలో మా మస్జిదు సమీపాన ఒక వృద్ధుడు ఒంటరిగా నివసిస్తున్నారు. భార్య మరణించిన నాటి నుండి ఆయనకు రాత్రి అంటేనే భయం. దీపం ఆర్పేవారు కారు. ఆయతుల్ కుర్సీ పఠించి పడుకున్నా గుండె దడ తగ్గేది కాదు. కారణమేమని అడిగాము.

“మౌల్వీ సాబ్, చీకటికి కాదు నా భయం. రాత్రి ప్రాణం పోతే ఎవరికి తెలుస్తుంది?” అన్నారు.

పొరుగువారు ఫజ్ర్ నమాజు తర్వాత ఆయనను రైల్వే స్టేషను వైపు నడకకు తీసుకువెళ్లసాగారు. మొదట పావుగంట, పిదప అరగంట. నమాజుకు రాని పొరుగువారు సైతం ఆయన గడపవద్ద “చాచా!” అని పిలిచి కలిసేవారు. ఉదయపు వెలుతురు నిద్రావేళలను క్రమపరుస్తుంది. సాయంత్రం వరకు సాగే పగటినిద్ర అరగంట ఖైలూలాకు తగ్గింది. ఇషా తర్వాత కునుకు రాసాగింది. అయినా దీపం వెలుగుతూనే ఉండేది.

ఒకనాడు పిలిచినా ఆయన పలుకలేదు. పొరుగువారు వెనుక తలుపు గుండా వెళ్లి, జ్వరంతో మూలుగుతున్న ఆయనను వెంటనే వైద్యుని వద్దకు చేర్చారు. కోలుకుని ఇంటికి వచ్చిన రాత్రి ఆయన తానే దీపం ఆర్పారు.

“తెల్లవారితే తలుపు తట్టేవారున్నారు కదా” అన్నారు మాతో.

పొరుగువారి హక్కు గురించి జిబ్రీల్ (అలైహిస్సలాం) పదేపదే ఎందుకు తాకీదు చేశారో మాకు ఆ మాటలో కనిపించింది.