ఆరు స్లైడ్లు, ఒక పాప

బీఈడీ క్లాసులో 'సహిత విద్య' మీద సెమినార్ అంటే చాలామంది ముందు నిర్వచనాలు పోగేస్తారు. స్లైడు నిండా అక్షరాలు నింపి, వాటినే చదివేస్తారు. అలా కాకుండా పది నిమిషాల ప్రసంగాన్ని ఒక్క పాప చుట్టూ అల్లుకుంటే వినేవాళ్లకు విషయం అందుతుంది.

మొదటి స్లైడులో ఒకే ప్రశ్న ఉంచండి: 'ఈ పాప కాపీ కొడుతోందా?' ఆరో తరగతి పాప పదేపదే పక్కపిల్ల నోట్సులోకి చూస్తోంది, పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతోంది. చూపు తక్కువై బోర్డు కనిపించడం లేదేమో అన్న అనుమానం టీచరుకు రావాలి. అయితే నిర్ధారించాల్సింది డాక్టరే.

రెండో స్లైడు చట్టానిది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి చదవాలనీ, వారికి తగ్గట్టు బోధన మారాలనీ అది చెబుతుంది.

మూడో స్లైడులో తేడా చూపించండి. పాపను ముందు బెంచీకి మార్చి, పాఠం మాత్రం పాత పద్ధతిలోనే చెబితే సర్దుకోవాల్సిన భారం పాపదే. దాన్ని సమైక్య విద్య అంటారు. పాఠం చెప్పే తీరే మారితే అది సహిత విద్య.

నాలుగో స్లైడుకే నాలుగు నిమిషాలు ఇవ్వండి. ఇక్కడ స్క్రిప్టు ఇలా సాగవచ్చు:

"భిన్నాల పాఠంలో మనం బోర్డు చూపిస్తూ 'దీనికి ఇది కలిపితే ఇదొస్తుంది' అంటాం. బోర్డు కనిపించని పాపకు ఆ మాటల్లో ఏముంది? 'ఎనిమిదింట మూడుకు ఎనిమిదింట రెండు కలిపితే ఎనిమిదింట ఐదు' అని రాస్తూ పైకి చెబుదాం. కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి అందరి చేతా లెక్కపెట్టిద్దాం. పరీక్షలో ఆ పాపకూ అదే లెక్క ఇద్దాం, కాకపోతే పెద్ద అక్షరాల్లో."

ఐదో స్లైడు పొరపాట్లది. జాలిపడి సులువైన లెక్క ఇవ్వడం అన్నిటికన్నా పెద్ద తప్పు. మారాల్సింది లెక్కను అందించే దారి, నేర్వాల్సిన విషయం కాదు. కిటికీ వెలుతురు కళ్లలో పడేచోట ముందు బెంచీ వేసినా ఫలితం ఉండదు.

ఆరో స్లైడులో టీచరు పరిమితి చెప్పండి. బ్రెయిలీ, సైగల భాష వంటివి ఒంటరిగా నేర్పలేం. తెలుగు రాష్ట్రాల్లో భవిత కేంద్రాల్లోని రిసోర్స్ టీచర్ల సాయం తీసుకోవాలి.

ప్రసంగానికి ముందు ఒక స్నేహితుణ్ని వెనక బెంచీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని వినమనండి. స్లైడు చూడకుండానే అతనికి అంతా అర్థమైతే, మీరు చెప్పబోయేది ముందు మీరే పాటించినట్టు.