పసుపు ఏ ఆకుతో మొదలైంది?

రాయలసీమలో సున్నం పాలు ఎక్కువగా ఉన్న నేలల్లో వేరుశనగ వేసిన నెల రోజులకు, నాలుగు రోజులు ముసురు పట్టి వెలిశాక, చేను ఉన్నట్టుండి పచ్చబడుతుంది. ఇక్కడ పచ్చ అంటే పసుపు. గట్టు మీద నిలబడి చూసిన రైతుకు మొదట తోచేది యూరియా. చాలా పంటల్లో ఆకు పాలిపోతే యూరియా చల్లగానే ముదురాకుపచ్చ తిరిగి రావడం ఏళ్లుగా చూసిన అనుభవం అది. ఈ చేలో మాత్రం ఆ బస్తా దండగ. ఆ సంగతి చేలోకి దిగి, ఒక మొక్కను కింది నుంచి పై దాకా చూస్తే తెలిసిపోతుంది.

కింది కొమ్మల ఆకులు మామూలు ఆకుపచ్చలోనే ఉంటాయి. పసుపు అంతా కొత్తగా విచ్చుకున్న పై ఆకుల్లోనే ఉంటుంది. వాటిలో ఒక ఆకు తుంచి ఎండకు ఎదురుగా పెడితే, ఈనెలు సన్నని ఆకుపచ్చ గీతల్లా, వాటి మధ్య భాగమంతా లేత పసుపుగా కనిపిస్తుంది. ముదిరితే ఈనెలు కూడా పాలిపోయి ఆకు కాగితంలా తెల్లబడుతుంది. లేతాకు ముందు, ఈనె పచ్చన: ఇది ఇనుము లోపం.

ఎందుకు లేతాకే అంటే, ఇనుము ఒకసారి ఒక ఆకులో కుదురుకున్నాక దాదాపు అక్కడే ఉండిపోతుంది. వేళ్ల నుంచి సరఫరా తగ్గినా ముదురాకు తన ఇనుమును చిగురుకు వదలదు. అందుకే కరువు కాలంలో పుట్టిన ఆకే పస్తు ఉంటుంది. నత్రజని, మెగ్నీషియం అలా కాదు. నేలలో అవి చాలకపోతే మొక్క తన ముదురాకుల్లో ఉన్నదాన్ని విడగొట్టి చిగుళ్లకు పంపుకుంటుంది. చిగురు కొంతకాలం బాగానే కనిపిస్తుంది, కింది ఆకు పండిపోతుంది. కనుక పసుపు కింద మొదలైందా, పైన మొదలైందా అన్న మొదటి ప్రశ్నకు జవాబు దొరకగానే ఇనుము ఒకవైపు, మిగతా రెండూ మరోవైపు విడిపోతాయి.

ఆ రెండింటినీ విడదీసేది ఈనె. నత్రజని ఆకులోని పత్రహరితంలోనూ, దాని చుట్టూ ఉండే మాంసకృత్తుల్లోనూ ఉంటుంది. అది తరలిపోయేటప్పుడు ఈనె, ఈనెల మధ్య భాగం అన్న తేడా లేకుండా ఆకు మొత్తం ఒకే తీరున పాలిపోతుంది. మొక్కజొన్నలో ఇది మరింత స్పష్టంగా ఉంటుంది. కింది ఆకు కొన దగ్గర మొదలైన పసుపు నడిమి ఈనె వెంబడి లోపలికి దిగుతుంది, అంచులు ఇంకా పచ్చగా ఉంటాయి. మొక్క కూడా గిడసబారి, కాండం సన్నగా ఉంటుంది.

మెగ్నీషియం పత్రహరితం అణువుకు నడిబొడ్డున కూర్చునే లోహం. అది చాలనప్పుడు కింది ఆకుల్లో ఈనెల మధ్య భాగం పసుపెక్కుతుంది, ఈనెలూ వాటిని ఆనుకున్న పట్టీలూ పచ్చగా మిగులుతాయి. మన పత్తి రైతులకు ఇది బాగా తెలిసిన బాధ. కాయ ఊరే సమయంలో కింది ఆకుల్లో ఆ మధ్య భాగం పసుపుతో ఆగక ఎర్రబడుతుంది, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. తేలిక నేలల్లోనూ, పొటాష్ మోతాదు మించి వేసిన చోటా ఇది త్వరగా బయటపడుతుంది. మెగ్నీషియం వేళ్లలోకి పోకుండా పొటాష్ పోటీకి వస్తుంది మరి. పత్తిలో ఎరుపు కనిపించగానే మెగ్నీషియం అనుకోవడం కూడా తొందరపాటే. పచ్చదోమ పీల్చినా ఆకు ఎర్రబడుతుంది. అప్పుడు ఎరుపు అంచుల నుంచి మొదలవుతుంది, అంచులు కిందికి ముడుచుకుంటాయి, ఆకు తిప్పి చూస్తే పురుగులు పక్కవాటుగా పరుగెడతాయి.

మళ్లీ వేరుశనగ చేనుకు వద్దాం. ఆ నేలలో ఇనుము లేక కాదు, కావలసినంత ఉంటుంది. సున్నం వల్ల క్షారగుణం పెరిగి అది కరగని రూపంలోకి మారిపోతుంది. వాన పడ్డాక నేల తడితో నిండి గాలి ఆడకపోతే, సున్నం నీటిలో కరిగి బైకార్బొనేట్‌గా మారి వేరు ఇనుమును తీసుకోనివ్వదు. అందుకే ముసురు వెలిశాక పసుపు కనిపిస్తుంది. నేల ఆరాక కొన్ని చేలు వాటంతట అవే కోలుకుంటాయి కూడా. ఇలాంటి నేలలో అన్నభేది చల్లితే అదీ కొద్ది రోజుల్లోనే కరగని రూపంలోకి పోతుంది. ఇనుమును ఆకు మీదే ఇవ్వాలి.

చేనంతా పిచికారి చేసే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత 5 గ్రాముల అన్నభేది కలపండి. నిమ్మ ఉప్పు లేకపోతే ఇనుము తుప్పు రంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది. గోధుమరంగుకు మారిన ద్రావణాన్ని పారబోయడమే మంచిది. సాయంత్రం పూట ఒక సాలులో పది మొక్కల మీద దీన్ని, పక్కన పది మొక్కల మీద లీటరుకు 10 గ్రాముల యూరియా కలిపిన నీటిని కొట్టి, ఇంకో పది మొక్కలను ముట్టుకోకుండా వదిలేయండి. వారం లోపు చూడండి. లోపం ఇనుముదే అయితే అన్నభేది తుంపర పడిన చోటల్లా పసుపు ఆకు మీద పచ్చని చుక్కలు తేలతాయి. యూరియా కొట్టిన మొక్కల చిగురు పసుపుగానే ఉంటుంది. ఆ చుక్కలే రుజువు.

అప్పుడు ఎకరాకు 200 లీటర్ల నీటికి ఒక కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున కలిపి, వారం ఎడంతో రెండుసార్లు కొడతారు. రెండోసారి ఎందుకంటే, ఇనుము కదలదు కాబట్టి మొదటి పిచికారి తర్వాత పుట్టిన ఆకుకు అందులోది అందదు. పత్తిలో మెగ్నీషియం లోపానికి లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ చొప్పున, విత్తిన 45, 75 రోజులకు పిచికారి చేస్తారు. నత్రజని లోపానికి యూరియా సరైన మందే, లోపం నిజంగా అదే అయినప్పుడు.

ఈ గుర్తులకు హద్దులున్నాయి. గంధకం చాలకపోతే ఆకు మొత్తం పాలిపోతుంది, అచ్చం నత్రజనిలాగే, కానీ లేతాకుల్లో. మాంగనీస్ లోపం ఇనుమును పోలి ఉంటుంది. వేరు కుళ్లినా, నీరు నిలిచినా మొక్క పసుపెక్కుతుంది కాబట్టి ఒక మొక్కను పీకి వేరు చూడటం తప్పనిసరి. బెండలో ఈనెలే పసుపెక్కి మధ్య భాగం పచ్చగా ఉంటే అది పల్లాకు తెగులు, వైరస్ పని, దానికి ఏ పోషకమూ మందు కాదు. లోపం ముదిరి మొక్కంతా పసుపైపోయాక ఎక్కడ మొదలైందో చెప్పడం ఎవరికైనా కష్టమే. వేరుశనగలో ఇంకో చిక్కుంది. వేరుబుడిపెలకు కూడా ఇనుము కావాలి. అది చాలకపోతే గాలిలోని నత్రజనిని పట్టే పని మందగించి, కొన్నాళ్లకు రెండు లోపాలూ కలిసి కనిపిస్తాయి.

ఈ రోజుల్లో చాలామంది పసుపు ఆకు ఒక్కటి ఫోటో తీసి వ్యవసాయాధికారికి పంపుతున్నారు. ఆకు ఒక్కటే చూసి ఇవేవీ తేల్చలేరు. మొక్క మొత్తం కనిపించేలా ఒకటి, చిట్టచివరి చిగురాకు దగ్గరగా ఒకటి, అట్టడుగు ఆకు దగ్గరగా ఒకటి, మూడు ఫోటోలు పంపండి. ఆఖరుసారి వాన ఎప్పుడు పడిందో, నేలలో సున్నపు గుళికలు కనిపిస్తాయో లేదో కూడా రాయండి.