రిలే ఎందుకు కొట్టుకోదు?

2N7000 అనే చిన్న మాస్‌ఫెట్‌తో 5 వోల్టుల రిలేను నడపాలి. రిలే కాయిల్‌కు దాదాపు 70 మిల్లీయాంపులు కావాలి. గేట్‌కు మైక్రోకంట్రోలర్ ఇచ్చేది 3.3 వోల్టులు. ఒక ముక్కతో రిలే టక్కుమంటుంది, అదే నంబరున్న మరో ముక్కతో ఉలకదు పలకదు.

తేడా అంతా థ్రెషోల్డ్ వోల్టేజీలో ఉంది. గేట్ వోల్టేజీ దాన్ని దాటేదాకా కరెంటు దాదాపు సున్నా, అది కటాఫ్. 2N7000 డేటాషీటు ఈ హద్దు 0.8 నుంచి 3 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చంటుంది.

దాటాక డ్రెయిన్ వోల్టేజీ తగినంత ఉంటే (సాచురేషన్) కరెంటు వర్గ సూత్రం ప్రకారం పెరుగుతుంది:

I<sub>D</sub> = (k/2)(V<sub>GS</sub> − V<sub>TH</sub>)²

k/2 వోల్టు వర్గానికి 50 మిల్లీయాంపులనుకుందాం. థ్రెషోల్డ్ 2 అయితే మిగులు 1.3 వోల్టులు, అంటే 84 మిల్లీయాంపుల దాకా వీలు. కాయిల్‌కు అంత అక్కర్లేదు కనుక డ్రెయిన్ వోల్టేజీ ఆ 1.3 కన్నా కిందికి దిగుతుంది. ఇదే ట్రయోడ్ ప్రాంతం, స్విచ్చుకు కావలసింది ఇదే.

థ్రెషోల్డ్ 3 అయితే మిగులు 0.3 మాత్రమే, కరెంటు 4.5 మిల్లీయాంపులు. అప్పుడు డ్రెయిన్, సోర్స్ మధ్య మల్టీమీటరు పెడితే 4.7 వోల్టులు కనిపిస్తాయి: మాస్‌ఫెట్ ఇంకా సాచురేషన్‌లోనే చిక్కుకుంది. దానికి మందు, థ్రెషోల్డ్ గరిష్ఠంగా కూడా తక్కువగానే ఉండే లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్.